టీవీ మెనూలో 94 చూపిస్తే మోసపోయినట్టా?

మా బాబాయ్ వాళ్ళది గుంటూరు బ్రాడీపేటలో పాత ఇల్లు. పోయిన ఎండాకాలంలో ఒక రాత్రి ఫోను చేసి, కుశల ప్రశ్నలు కూడా లేకుండా మొదలుపెట్టాడు.

"ఏరా, నెలనెలా 150 ఎంబీపీఎస్ స్పీడుకి డబ్బు కడుతున్నాను. వైఫైలో ఉన్నప్పుడు టీవీలో 130 చూపించేది. నువ్వు చెప్పావని గోడల వెంట వైరు లాగిస్తే 94 దగ్గర ఆగిపోయింది. వైరన్నాక ఇంకా ఎక్కువ రావాలి కదా?"

బొమ్మ ఎలా వస్తోందని అడిగాను.

"బొమ్మకేం, బ్రహ్మాండంగా వస్తోంది. నిన్న మ్యాచ్ మొత్తంలో ఒక్కసారి కూడా గుండ్రం తిరగలేదు. అది కాదు, ఈ 94 ఏంటి?"

ఈ ప్రశ్న చాలామందికి వస్తుంది. వైఫైలో పెద్ద అంకె వచ్చి బొమ్మ ఆగిపోతుంటుంది, వైరు పెట్టాక చిన్న అంకె వచ్చి బొమ్మ హాయిగా నడుస్తుంటుంది. రెండూ నిజమే. టీవీ చూపించే అంకె దేన్ని కొలుస్తుందో తెలిస్తే ఇందులో తికమక లేదు. బాబాయ్ ఇంట్లో జరిగిందంతా వరసగా చెప్తాను, ఎందుకంటే అక్కడ దాదాపు అన్ని తప్పులూ జరిగాయి. అందులో ఒకటి నాది.

ముందు ఇల్లు ఎలా ఉంటుందో చెప్పాలి. వీధిలో స్తంభం మీంచి ఫైబర్ తీగ వరండా మీదుగా ముందుగదిలోకి వస్తుంది. ఆ తీగ చివర గోడకి బిగించిన తెల్లపెట్టే వాళ్ళ రౌటర్. టీవీ మాత్రం మధ్యగదిలో ఉంటుంది. రెండింటి మధ్య దూరం ఏడు మీటర్లకి మించదు. కానీ మధ్యలో ఉన్నది తొమ్మిదంగుళాల ఇటుక గోడ, ఆ గోడకి ఆనించి పిన్ని ఇనప బీరువా. వైఫై తరంగాలు ఇటుక గోడలో కొంత బలం పోగొట్టుకుని అవతలకి వస్తాయి. ఇనప రేకులోంచి మాత్రం రావు, దాని అంచుల పక్కనుంచి, పై కప్పుకి కొట్టుకుని తిరిగి రావాలి. ఇంట్లో బీరువా ఎక్కడ పెట్టాలో వాస్తు చెప్పేవాళ్ళు చాలామందే ఉంటారు గానీ రౌటర్‌కి ఎదురుగా పెట్టొద్దని ఎవరూ చెప్పరు.

వైరు లాగక ముందు బాబాయ్ గోడు వేరే. మధ్యాహ్నం పూట సినిమా అద్దంలా వస్తుందట. సాయంత్రం కరెంటు పోయి వచ్చిన రోజున మాత్రం రాత్రంతా బొమ్మ మసకబారిపోతుంది, క్రికెట్ లైవ్ అయితే నిమిషానికోసారి ఆగుతుంది. "సాయంత్రాలు కంపెనీవాడే లైను తగ్గించేస్తున్నాడు" అని ఆయన నమ్మకం. నేను వెళ్ళిన రోజు అదృష్టవశాత్తూ కరెంటు పోయి వచ్చింది, అంటే రోగం నా కళ్ళముందే బయటపడింది.

టీవీ ముందు కూర్చుని మొదట చూడాల్సింది సెట్టింగ్స్‌లో ఉండే నెట్‌వర్క్ పేజీ. ఆండ్రాయిడ్ లేదా గూగుల్ టీవీ అయితే `Settings` లోకి వెళ్ళి `Network & Internet` తెరవాలి. శాంసంగ్ టీవీల్లో `Network Status` అని ఉంటుంది, ఎల్‌జీ వాటిలో `General` కింద `Network` ఉంటుంది. మోడల్‌ని బట్టి పేర్లు కాస్త అటూ ఇటూ మారతాయి. చాలా టీవీల్లో ఈ పేజీ స్పీడు చెప్పదు. టీవీకి రౌటర్ దొరికిందా, రౌటర్‌కి ఇంటర్నెట్ దొరికిందా అన్న రెండు ప్రశ్నలకే జవాబిస్తుంది. రెండు టిక్కులు పడగానే "నెట్ బాగానే ఉంది, టీవీలోనే లోపం" అని తేల్చేసేవాళ్ళని చూశాను. టిక్కు పడిందంటే దారి ఉందని మాత్రమే అర్థం. అది బైపాస్ రోడ్డా, బ్రాడీపేట అడ్డరోడ్డా అన్నది ఆ టిక్కు చెప్పదు.

ఆ పేజీలో పనికొచ్చేది ఇంకొకటి ఉంది, టీవీ ఏ పేరున్న వైఫైకి తగులుకుని ఉందో కనిపిస్తుంది. చాలా రౌటర్లు రెండు వైఫైలు ఇస్తాయి. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, రెండోది 5 గిగాహెర్ట్జ్. రెండోదాని పేరు చివర తరచుగా `5G` అని ఉంటుంది. మొబైల్ ఫోన్ల 5జీకి దీనికీ ఏ సంబంధమూ లేదు, పేరు కలిసిందంతే. బాబాయ్ రౌటర్‌లో రెండింటికీ ఒకే పేరు పెట్టి ఉంది, కాబట్టి టీవీ ఏ దాంట్లో ఉందో పేరు చూసి చెప్పలేం. స్పీడు చూసే పట్టుకోవాలి.

స్పీడు చూడ్డానికి టీవీలో మూడు దారులున్నాయి, మూడూ ఒకటి కాదు. నెట్‌ఫ్లిక్స్ ఉన్నవాళ్ళు అందులో `Get Help` తెరిచి `Check Network` నొక్కితే, అది నెట్‌ఫ్లిక్స్ సర్వర్లతో మాట్లాడి ఒక అంకె ఇస్తుంది. టీవీలో బ్రౌజర్ ఉంటే `fast.com` అని కొట్టొచ్చు, అదీ నెట్‌ఫ్లిక్స్ వాళ్ళదే. కాకపోతే చవక టీవీల్లో బ్రౌజర్ నత్తనడక నడుస్తుంది, దాంతో లైను బాగున్నా అంకె తక్కువ రావచ్చు. అందుకే నాకు బ్రౌజర్ పరీక్ష మీద పెద్ద నమ్మకం లేదు. మూడోది యూట్యూబ్. ఏదైనా వీడియో ఆడుతుండగా దాని సెట్టింగ్స్ గుర్తులోకి వెళ్ళి `Stats for nerds` పెడితే తెర మూల ఒక నల్లపెట్టె వస్తుంది. అందులో `Connection Speed`, `Buffer Health` అని రెండు వరసలుంటాయి. రెండోదాని గురించి తరవాత చెప్తాను, నా లెక్కలో అసలు సంగతి దాంట్లోనే ఉంది.

ఆ రాత్రి ఎనిమిదిన్నరకి `Check Network` మూడుసార్లు నొక్కాను. 9, 14, 11 వచ్చాయి. మధ్యాహ్నం 130 చూపించిన టీవీయే ఇది.

"చూశావా, తగ్గించేశాడు" అన్నాడు బాబాయ్.

నా ఫోను తీసుకుని రౌటర్ పక్కకి వెళ్ళి నిలబడి అదే `fast.com` తెరిచాను. 146 వచ్చింది. అంటే వీధి లోంచి రౌటర్ దాకా వచ్చే లైను నిక్షేపంగా ఉంది, కంపెనీవాడు ఏమీ తగ్గించలేదు. లోపం రౌటర్‌కీ టీవీకీ మధ్య ఉన్న ఏడు మీటర్లలో ఉంది. ఈ ఒక్క పరీక్ష చెయ్యకుండా కస్టమర్ కేర్‌కి ఫోను చేసి అరగంట పోట్లాడ్డం వృథా. ఒకవేళ రౌటర్ పక్కన కూడా పదో పన్నెండో వచ్చిందనుకోండి, అప్పుడు టీవీకి బంగారు తీగ లాగినా లాభం లేదు, పోట్లాట అప్పుడు న్యాయం.

మరి మధ్యాహ్నం 130 ఉన్నది రాత్రికి 11 ఎందుకైంది? కరెంటు పోయి రాగానే రౌటరూ టీవీ రెండూ ఒకేసారి లేస్తాయి. రౌటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్ వైఫై వెంటనే మొదలవుతుంది. 5 గిగాహెర్ట్జ్‌లో కొన్ని చానళ్ళని వాతావరణ రాడార్ల లాంటివి కూడా వాడతాయి, కాబట్టి రౌటర్ ఆ చానల్‌లో వైఫై మొదలుపెట్టే ముందు కనీసం ఒక నిమిషం పాటు అక్కడ రాడార్ ఉందేమోనని విని చూడాలి. ఆ నిమిషంలోపే టీవీ లేచి, దొరికిన 2.4కి తగులుకుంటుంది. తరవాత 5 వచ్చినా చాలా టీవీలు అటు మారవు. ఫోనైతే మనతో పాటు తిరుగుతుంది కాబట్టి ఎక్కడ బలం ఉంటే అక్కడికి మారడానికి తయారుగా ఉంటుంది. టీవీ అలా కాదు, ఒకసారి కూర్చున్నచోటే కూర్చుంటుంది, మన పెద్దవాళ్ళ వాలుకుర్చీలాగా.

2.4లో ఉంటే నష్టమేంటంటే అక్కడ ఇరుకు. ఒకదానితో ఒకటి రాసుకోకుండా ఉండే చానళ్ళు మూడే ఉన్నాయి, 1, 6, 11. బ్రాడీపేటలో ఇళ్ళు ఎలా ఆనుకుని ఉంటాయో తెలిసిందే, ఆ గదిలో నిలబడి చూస్తే నా ఫోనులో 17 ఇళ్ళ వైఫై పేర్లు కనిపించాయి. ఆ పదిహేడూ ఆ మూడు చానళ్ళలోనే సర్దుకోవాలి. మధ్యాహ్నం అందరూ ఆఫీసుల్లో, కాలేజీల్లో ఉంటారు. రాత్రి ఎనిమిదిన్నరకి అందరూ ఇంటికి చేరతారు.

ఇక్కడ వైఫై గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఒక చానల్ అంటే సభలో ఒకే మైకు ఉన్నట్టు. ఒకసారి ఒకరే మాట్లాడాలి, మిగతావాళ్ళు ఆగాలి. పక్కింటి రౌటర్ అదే చానల్‌లో ఉంటే వాళ్ళ మాట అయ్యేదాకా మన రౌటర్ కూడా ఆగుతుంది. ఇంట్లోవాళ్ళ మధ్య కూడా ఇదే తంతు. వెనక వంటింట్లో పిన్ని ఫోనుకి వైఫై బలహీనంగా అందుతుంది, కాబట్టి దానితో రౌటర్ నిదానంగా, సాగదీసి మాట్లాడాలి. అంటే పిన్ని చూసే చిన్న వంటల వీడియో కూడా మైకుని చాలాసేపు పట్టుకుని ఉంటుంది. ఆ సేపంతా టీవీ తన వంతు కోసం చూస్తూ ఉంటుంది. స్పీడు అంకె పెద్దదైనా బొమ్మ ఆగడానికి ఒక కారణం ఇదే, పరీక్ష చేసిన పది సెకన్లలో మైకు ఖాళీగా ఉండి ఉంటుంది.

నిజానికి ఆ రాత్రికి వైద్యం తేలికే. రౌటర్ సెట్టింగ్స్‌లో రెండు వైఫైలకి వేరే వేరే పేర్లు పెట్టి, టీవీని 5దానికి మాత్రమే కలిపాను, 2.4దాన్ని టీవీలో `Forget` చేశాను. మళ్ళీ కరెంటు పోయి వచ్చినా టీవీకి పాత పేరు గుర్తుండదు, 5 లేచేదాకా ఒక నిమిషం ఆగి దానికే తగులుకుంటుంది. గోడలు తవ్వడానికి లేని అద్దె ఇళ్ళవాళ్ళకి ఇంతకు మించి అక్కర్లేదేమో కూడా. పరీక్ష చేస్తే 118, 62, 27, 95 అని వచ్చాయి. ఇవన్నీ బాగానే ఉన్న అంకెలు, కానీ పక్కపక్కనే అంత తేడా ఉండటమే నాకు నచ్చలేదు. ఆ 27 వచ్చినప్పుడు ఏం జరిగిందో కూడా చూశాను. బాబాయ్ మంచినీళ్ళకి లేచి బీరువా పక్కగా నడిచాడు.

సినిమాకి అసలు ఎంత కావాలి? 4కే బొమ్మకి 15 ఎంబీపీఎస్ ఉండాలని నెట్‌ఫ్లిక్స్ చెప్తుంది, మామూలు ఫుల్ హెచ్‌డీకి 5 చాలంటుంది. యూట్యూబ్ 4కేకి 20 అడుగుతుంది. అంటే 27 కూడా సరిపోవాలి. సినిమాకి సరిపోయింది కూడా. క్రికెట్ లైవ్ మాత్రం అప్పటికీ రెండుసార్లు తడబడింది.

సినిమాకీ లైవ్‌కీ తేడా మేడ మీద ట్యాంకులో ఉంది. యాప్ సినిమాని కొన్ని సెకన్ల ముక్కలుగా తెచ్చుకుని, ముందుగానే పోగేసి పెట్టుకుంటుంది. మున్సిపాలిటీ నీళ్ళు కాసేపు సన్నగా వచ్చినా ట్యాంకు నిండి ఉంటే కింద కుళాయికి తెలియనట్టు, వైఫై పదిహేను సెకన్లు మొరాయించినా సినిమా చూసేవాడికి తెలియదు. లైవ్‌లో ఆ అవకాశం లేదు, ఇంకా వెయ్యని బంతిని ముందే తెచ్చి దాచుకోలేం కదా. పోగు కొద్ది సెకన్లే ఉంటుంది. ఆ కొద్ది సెకన్లు మించి వైఫై ఆగితే బొమ్మ ఆగుతుంది. అందుకే "సినిమాలు బాగా వస్తాయి, మ్యాచే ఆగుతుంది" అని ఎవరైనా అంటే ముందు నా అనుమానం ఇంట్లో వైఫై మీదకే పోతుంది. మంచి మ్యాచ్ రోజున కోట్లమంది ఒకేసారి వచ్చి పడితే యాప్‌వాడి సర్వరే తడబడొచ్చు, అదీ నిజమే. కానీ అప్పుడు పక్కింట్లో కూడా ఆగుతుంది. పక్కింట్లోంచి సిక్సర్ అరుపులు వినిపిస్తుంటే మీ టీవీలో గుండ్రం తిరుగుతోందంటే తప్పు సర్వర్‌ది కాదు.

ఆ `Buffer Health` అన్నది ఈ ట్యాంకులో నీటిమట్టమే, సెకన్లలో చూపిస్తుంది. యూట్యూబ్‌లో సినిమా పాటో, ఏదైనా పెద్ద వీడియోనో 4కేలో పెట్టి, ఆ వరసని ఐదు నిమిషాలు చూస్తూ కూర్చోవాలి. అది పెరిగి ఒకచోట స్థిరంగా నిలబడితే మంచిది. మెల్లగా తగ్గుతూ సున్నా వైపు వెళ్తుంటే మనకి వచ్చేదానికన్నా తాగేది ఎక్కువన్నమాట. ఉన్నట్టుండి పడి మళ్ళీ లేస్తుంటే వైఫైలో అడ్డేదో వచ్చి పోతోంది. `Connection Speed` ఒక్క అంకెని చూసి లాభం లేదు, అది యూట్యూబ్ తను ఇప్పటిదాకా తెచ్చుకున్న ముక్కల్ని బట్టి వేసుకునే అంచనా మాత్రమే.

ఆ రాత్రే వైరు లాగుదామని నిర్ణయించాం. నేరుగా ఏడు మీటర్లే అయినా, గోడ వెంట గుమ్మం మీదుగా తిప్పుకుని వచ్చేసరికి 18 మీటర్లు కావాల్సి వచ్చింది. ల్యాన్ వైరు అనే ఈ రకం 100 మీటర్ల దాకా పనిచేస్తుంది, కాబట్టి ఇల్లు ఎంత పెద్దదైనా పొడవు గురించి బెంగ లేదు. క్యాట్ 6 అయినా, క్యాట్ 5ఈ అయినా టీవీకి ఒకటే. చూసుకోవాల్సింది లోపలి తీగ రాగిదా కాదా అన్నది. చవక వైర్లలో అల్యూమినియం తీగ మీద రాగి పూత పూస్తారు. తీగని బ్లేడుతో గీకితే లోపల తెల్లగా మెరిసిందంటే అది పూతే, వంపుల దగ్గర తొందరగా తెగుతుంది. ఇంకొకటి, గోడలో కరెంటు వైర్లున్న పైపులోనే దీన్నీ దూర్చేస్తే పని తేలికని ఎలక్ట్రీషియన్ అంటాడు. ఒప్పుకోకండి. సిగ్నల్‌కి మంచిది కాదన్నది తరవాతి మాట, ముందు ప్రాణానికి మంచిది కాదు.

ఇక నా తప్పు. నాకు మర్నాడు విజయవాడలో పని ఉండి, వైరు లాగే పని బాబాయ్ ఎరికలో ఉన్న ఒక కుర్రాడికి అప్పజెప్పి వచ్చేశాను. గోడకి చిన్న కన్నం చాలని, క్లిప్పు లేకుండా వైరు దూర్చి తరవాత రెండు చివరలా క్లిప్పులు కొట్టమన్నాను. అది సరైనదే, రెడీమేడ్ వైరు చివరుండే క్లిప్పు దూరాలంటే వైరు లావుకి రెండింతలకి పైగా కన్నం చెయ్యాలి. రంగుల వరస ఎలా ఉండాలో మాత్రం చెప్పలేదు, అతనికి తెలుసుననుకున్నాను.

రాత్రి బాబాయ్ ఫోను. టీవీలో వైరు తగిలినట్టు చూపిస్తోంది, `Check Network` నొక్కితే ఒకసారి 8, ఒకసారి 31, ఇంకోసారి పరీక్షే పూర్తి కాలేదు. కుర్రాడు టెస్టర్ పెట్టి చూపించాడట, ఒకటి నుంచి ఎనిమిది దాకా పచ్చ లైట్లు వరసగా వెలిగాయట. వైరులో తప్పేం లేదని తేల్చి వెళ్ళిపోయాడు.

ఆ వైరులో ఎనిమిది తీగలుంటాయి, రెండేసి చొప్పున నాలుగు జతలు, ప్రతి జతా ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉంటుంది. ఆ పెనవేతే దాని ప్రాణం. జతలో ఒక తీగ మీద వెళ్ళే సిగ్నల్‌కి రెండో తీగ మీద సరిగ్గా తలకిందులు సిగ్నల్ వెళ్తుంది. బయటి అలజడి రెండింటికీ సమానంగా తగులుతుంది కాబట్టి అవతలి చివర తేడా తీస్తే అలజడి కొట్టుకుపోయి అసలు సిగ్నల్ మిగులుతుంది. టీవీ వాడే నాలుగు పిన్నులు 1, 2, 3, 6. ఒకటీ రెండూ ఒక జత, మూడూ ఆరూ ఒక జత. అందుకే క్లిప్పులో రంగుల వరస చూడ్డానికి వింతగా ఉంటుంది. తెల్ల ఆరెంజ్, ఆరెంజ్, తెల్ల పచ్చ, నీలం, తెల్ల నీలం, పచ్చ, తెల్ల బ్రౌన్, బ్రౌన్. పచ్చ జతలోని రెండు తీగల మధ్యలో నీలం జత ఇరుక్కుని ఉంటుంది.

వీడియో కాల్‌లో బాబాయ్‌ని క్లిప్పు కెమెరా ముందు పెట్టమన్నాను. కుర్రాడు వరసగా, అందంగా కొట్టాడు. ఆరెంజ్ జత, పచ్చ జత, నీలం జత, బ్రౌన్ జత, దేనికది పక్కపక్కన. రెండు చివరలా అదే వరస. అందుకే టెస్టర్‌కి తప్పు దొరకలేదు, ఈ చివర ఒకటో తీగ ఆ చివర ఒకటో పిన్నుకే చేరింది మరి. కానీ మూడో పిన్నుకి పచ్చ జతలో తీగ, ఆరో పిన్నుకి నీలం జతలో తీగ పడ్డాయి. ఒకదానికొకటి పెనవేసుకుని నడవాల్సిన రెండు సిగ్నళ్ళు వేరే వేరే జతల్లో నడుస్తూ, పక్కవాటి సిగ్నల్‌ని కూడా మోసుకొచ్చాయి. మూరెడు వైరైతే నడిచిపోయేది. పద్దెనిమిది మీటర్లకి కొంత డేటా చెడిపోయి, మళ్ళీ మళ్ళీ పంపాల్సి వచ్చింది. వైరు తగిలినట్టు చూపిస్తూ స్పీడు మాత్రం గంతులేస్తుంటే ముందు క్లిప్పుల రంగులు చూడండి. వైరుకి అలాంటి చపలత్వం ఉండదు, అది వైఫై గుణం.

మర్నాడు అదే కుర్రాడు వచ్చి రెండు క్లిప్పులూ కోసి, సరైన వరసలో కొట్టాడు. `Check Network` నొక్కితే 94. మళ్ళీ నొక్కితే 94. రాత్రి ఎనిమిదిన్నరకి 93, పదింటికి 94. మొదట్లో చెప్పిన ఫోను ఆ మర్నాటి రాత్రి వచ్చింది.

150 కడుతుంటే 94 ఏంటంటే, ఆ టీవీ వెనక ఉన్న వైరు రంధ్రం 100 ఎంబీపీఎస్‌ది. ఇది ఆ ఒక్క టీవీ సంగతి కాదు. పేరున్న కంపెనీల 4కే టీవీల్లో కూడా చాలావాటికి 100 రంధ్రమే పెడతారు, ఎందుకంటే మామూలు స్ట్రీమింగ్ యాప్‌లేవీ అంత అడగవు. రౌటర్ వెయ్యి ఇచ్చినా, వైరు వెయ్యి మోసినా, అక్కడికి వచ్చేసరికి నూరు దాటదు. అదే టీవీలో వైఫై మాత్రం కాస్త కొత్త రకం పెట్టి ఉండటంతో, గాలి ఖాళీగా ఉన్న మధ్యాహ్నం 130 దాటుతుంది.

ఆ నూరులో మిగతా ఆరు ఏమైపోయాయి అంటారా. మన మిర్చి యార్డులో బస్తా తూకం వేశాక గోతం బరువు తీసేసినట్టే. డేటా పాకెట్లుగా వెళ్తుంది. వైరు మీద ఒక్కో పాకెట్ 1538 బైట్లంత చోటు తీసుకుంటే, అందులో అసలు సరుకు 1448 బైట్లు. మిగతాది చిరునామాలు, తప్పులు పట్టే లెక్కలు, పాకెట్‌కీ పాకెట్‌కీ మధ్య ఖాళీ. 1448ని 1538తో భాగిస్తే నూటికి 94 వస్తుంది. అందుకే టీవీలో వైరు పెట్టి చూసినప్పుడు 93, 94, 95 ఇలా వస్తే అది లోపం కాదు, ఆ రంధ్రం తన పూర్తి శక్తితో పనిచేస్తోందని, వైరు మీద పాకెట్లు చెడిపోవట్లేదని అర్థం. 60, 70 దగ్గర ఆగిందంటేనే అనుమానించాలి.

"అంటే నా 56 వృథాయేగా?" అన్నాడు బాబాయ్ ఇదంతా విని. నూటయాభైలోంచి తొంభై నాలుగు తీసేసి లెక్క అప్పటికే కట్టి పెట్టుకున్నాడు. టీవీకి కావాల్సింది ఇరవై, దాని చేతిలో తొంభై నాలుగు ఉంది, మిగతాది ఇంట్లో మిగతా ఫోన్లకి అని చెప్పాను. ఆ నూరు రంధ్రం బదులు యూఎస్‌బీకి తగిలించే గిగాబిట్ అడాప్టర్ ఒకటి దొరుకుతుందని, కొన్ని ఆండ్రాయిడ్ టీవీల్లో పనిచేస్తుందని ఎవరో చెప్పారట, కొనమంటావా అన్నాడు. బ్లూరే డిస్కుల కాపీల్ని కుదించకుండా కంప్యూటర్‌లో దాచుకుని, అక్కణ్ణుంచి టీవీలో ఆడించేవాళ్ళకి అప్పుడప్పుడు నూరు చాలదు, వాళ్ళకి పనికొస్తుంది. బాబాయ్ చూసేది క్రికెట్, పాత సినిమాలు. వద్దన్నాను.

వైఫైలో ఎంత వస్తుందో మళ్ళీ చూడాలనిపిస్తే వైరు పీకి చూడమని కూడా చెప్పాను. వైరు తగిలి ఉండగా చాలా టీవీలు దాన్నే వాడతాయి, పరీక్ష చేస్తే వచ్చేది వైరు అంకే. వైఫై బాగుపడిందని సంబరపడిపోయేవాళ్ళు ఇక్కడే పొరబడుతుంటారు.

రెండు వారాల తరవాత వెళ్తే పిన్ని కాఫీ ఇస్తూ, "టీవీతో పాటు నా ఫోను కూడా ఏదో చేసినట్టున్నావు, వంటింట్లో వీడియోలు ఇప్పుడు ఆగట్లేదు" అంది. నేను ఆవిడ ఫోను ముట్టుకోలేదు. టీవీ ఆ మైకు దగ్గర్నుంచి లేచి వెళ్ళిపోయింది, ఆ వంతు ఆవిడకి దొరికింది.